మోకాలి పైన ఎముక గడ్డ: ముక్క ఎవరు తీయాలి, కాలు ఎలా నిలపాలి

"ముక్క తీస్తే పాకుతుందంట కదా సార్?"

మా ఓపీకి వచ్చే కుటుంబాల్లో చాలామంది అడిగే మాట ఇది. నోట్లో పుండుకో రొమ్ములో గడ్డకో అయితే ఆ భయం అక్కర్లేదని వెంటనే చెప్పేస్తాను. ఎముక గడ్డ దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాస్త ఆగి మాట్లాడాల్సి వస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఆ మాటలో వీసమెత్తు నిజం ఉంది. పరీక్ష కోసం ముక్క తీసినంత మాత్రాన, అంటే బయాప్సీ చేసినంత మాత్రాన, జబ్బు ఒళ్లంతా పాకదు. కానీ సూది వెళ్లిన దారి పొడుగునా గడ్డ కణాలు రాలి ఉండొచ్చు. అందుకే తర్వాత చేసే పెద్ద ఆపరేషన్‌లో ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తాం. తీసేయడానికి వీలైన చోట సూది దించారా, వీలుకాని చోట దించారా అన్నదాన్ని బట్టే చాలాసార్లు కాలు నిలుస్తుంది, లేదా పోతుంది.

ఎముక, కండ, కొవ్వు, కీళ్ల చుట్టూ ఉండే మెత్తని కణజాలం, వీటిలో పుట్టే క్యాన్సర్లను సార్కోమా అంటారు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇవి వందకు ఒకటి. అంటే ఊళ్లో మంచి పేరున్న ఎముకల డాక్టర్ కూడా తన సర్వీసంతటిలో చూసేది కొద్దిమందినే. విరిగిన ఎముకలు వందల కొద్దీ చక్కగా అతికించిన చేతులే ఈ జబ్బు దగ్గర పొరపాటు చేస్తాయి. అది చేతగానితనం కాదు, అలవాటు లేకపోవడం.

మాటలు గాల్లో పోకుండా ఉండాలంటే ఒక అబ్బాయిని ఊహించుకుందాం. పదిహేనేళ్లు, పదో తరగతి. కబడ్డీలో పడ్డాక ఎడమ మోకాలి పైన నొప్పి మొదలైంది. దెబ్బ వల్లే అనుకుని బామ్ రాశారు, నాటు కట్టు కట్టించారు, మెడికల్ షాపు మాత్రలు వేశారు. రెండు నెలలైంది. ఇప్పుడు నొప్పి రాత్రిపూట నిద్రలోంచి లేపుతోంది, మోకాలి పైన గట్టిగా వాపు తగులుతోంది. ఎక్స్‌రేలో తొడ ఎముక కింది భాగం కొంత కరిగిపోయి, కొంత కొత్త ఎముక సూర్యకిరణాల్లా బయటికి పెరిగి కనిపిస్తోంది. గడ్డ ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించలేం. ఈ వయసులో, ఈ చోట, ఈ ఎక్స్‌రే చూస్తే మొదట అనుమానించాల్సింది ఆస్టియోసార్కోమా. దెబ్బకు ఈ జబ్బు రాదు. దెబ్బ తగిలాకే ఇంట్లోవాళ్ల చూపు ఆ కాలి మీద పడింది, అంతే.

ఇక వాళ్ల నాన్న ముందు మొదటి ఎంపిక వచ్చి నిలబడుతుంది.

రేపు ఇక్కడా, పది రోజుల తర్వాత అక్కడా

పట్నంలోని నర్సింగ్ హోంలో అంటారు: "రేపు పొద్దున రండి, చిన్న కోత పెట్టి ముక్క తీసి ల్యాబ్‌కు పంపుదాం. క్యాన్సర్ అని తేలితే అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లొచ్చు." వినడానికి ఇంతకంటే సబబైన మాట లేదు. రెండో దారి, ముక్క ముట్టుకోకుండా ఎక్స్‌రే పట్టుకుని, ఎముక గడ్డల ఆపరేషన్లు చేసే టీం ఉన్నచోటికి వెళ్లడం. అక్కడ ఓపీ, స్కాన్లు, బయాప్సీ అన్నీ అయ్యేసరికి వారం పది రోజులు పడుతుంది. ఇంట్లో అందరికీ టెన్షన్.

నా సలహాలో ఊగిసలాట లేదు: రెండోదే. ఈ పది రోజుల్లో జబ్బు చేయి దాటిపోదు. కానీ తప్పు చోట పెట్టిన ఒక కోతను మళ్లీ వెనక్కి తీసుకోలేం.

దీనికి పాత, గట్టి లెక్క ఒకటి ఉంది. అమెరికాలో హెన్రీ మాన్‌కిన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్, తన తోటి ట్యూమర్ సర్జన్ల నుంచి బయాప్సీల వివరాలు సేకరించి 1982లో ఒకసారి, 1996లో మరోసారి ప్రచురించాడు. రెండోసారి 597 మంది రోగులను చూశారు. వాళ్లలో 18 మందికి, బయాప్సీలో జరిగిన తప్పు వల్ల, అవసరం లేకుండా కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చింది. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి అనుకున్న చికిత్సే మార్చుకోవాల్సి వచ్చింది. తప్పులు, ఇబ్బందులు అన్నీ కలిపి చూస్తే, చివరికి చికిత్స చేసే కేంద్రంలో కాకుండా ముందు చూపించుకున్న చోట బయాప్సీ చేయించుకున్నవాళ్లలో అవి రెండు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. నన్ను ఆపే విషయం ఇంకోటి. మొదటి లెక్క బయటికొచ్చి పద్నాలుగేళ్లు గడిచినా రెండోసారి అంకెలు పెద్దగా మెరుగుపడలేదు.

అసలు సర్జన్ బయాప్సీ ఎలా ప్లాన్ చేస్తాడో తెలిస్తే ఈ అంకెలకు అర్థం దొరుకుతుంది. అతను వెనక నుంచి ముందుకు ఆలోచిస్తాడు. రెండు మూడు నెలల తర్వాత గడ్డ తీసేటప్పుడు కోత ఎక్కడ పెడతానో ముందు తొడ మీద గీత గీసుకుంటాడు. ఆ గీత మీదే ఒక చుక్క పెట్టి, అక్కణ్నుంచి సూది దించుతారు. సూది రేడియాలజీ డాక్టర్ వేసినా సరే, చుక్క మాత్రం సర్జన్ పెట్టాలి.

మన అబ్బాయి తొడలో ఆ దారి ఎలా ఉండాలి? తొడ లోపలి పక్కనో బయటి పక్కనో ఉన్న ఒకే ఒక్క కండలోంచి నేరుగా ఎముకకు వెళ్లాలి. తొడ ముందు మధ్యలోంచి మోకాలి చిప్పకు వచ్చే స్నాయువు జోలికి పోకూడదు. అది మురికైతే దాన్నీ తీసేయాలి, ఇక మోకాలు చాపే శక్తి ఉండదు. మోకాలి వెనక రక్తనాళాల వైపు వెళ్లకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా కీలు సంచిలోకి సూది దూరకూడదు. దూరితే కీలంతా గడ్డ కణాలు చేరినట్టే లెక్క, అప్పుడు కీలును తెరవకుండా పైఎముక కొన, కిందెముక కొన కలిపి ముద్దగా తీయాల్సి వస్తుంది.

కోత పెట్టే బయాప్సీ అయితే గీత కాలి పొడుగునా ఉండాలి. అడ్డంగా పెట్టిన కోత చూస్తే మాలాంటివాళ్లకు గుండె జారిపోతుంది. పొడుగు కోతను పెద్ద ఆపరేషన్ కోతలో కలిపేసి, చుట్టూ సన్నటి ఆకు ఆకారంలో చర్మంతో సహా తీసేయొచ్చు. అడ్డకోతను అలా కలపాలంటే వెడల్పుగా చర్మం, కండ పోతాయి, పైన మూయడానికి వేరేచోట నుంచి చర్మం, కండ తెచ్చి కప్పాలి. రక్తం కూడా అంతే. ముక్క తీసిన చోట రక్తం ఆపకపోతే అది కండల సందుల్లో పాకుతుంది, నల్లగా కమిలినంత మేరా కణాలు చేరి ఉండొచ్చని లెక్కేసుకోవాలి. అందుకే ఎముకకు పెట్టిన రంధ్రాన్ని బోన్ సిమెంట్‌తో మూసేస్తాం. డ్రెయిన్ ట్యూబు పెట్టాల్సి వస్తే దాన్ని కోత వరుసలోనే, కోతకు దగ్గరగా బయటికి తీస్తాం. ట్యూబు దారి కూడా తీసేయాల్సినదే మరి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. గడ్డ వల్ల బలహీనపడిన ఎముక చిన్న జారుడుకే విరుగుతుంది. దాన్ని మామూలు ఫ్రాక్చర్ అనుకుని లోపల రాడ్డు కొడితే, గడ్డ కణాలు ఎముక మజ్జ పొడుగునా పరుచుకుంటాయి. చిన్న దెబ్బకే ఎముక విరిగి, అంతకు ముందు వారాల తరబడి అక్కడే నొప్పి ఉందని చెబితే, రాడ్డుకు ముందు ఎంఆర్ఐ అడగండి.

ఎంఆర్ఐ కూడా బయాప్సీకి ముందే కావాలి, తర్వాత కాదు. ముక్క తీశాక వచ్చే రక్తం, వాపు ఫిల్మ్‌లో గడ్డలాగే కనబడి హద్దులు చెరిగిపోతాయి. ఒక్క మోకాలికి తీస్తే చాలదు, తుంటి నుంచి మోకాలి దాకా తొడ ఎముక మొత్తం కనిపించాలి. గడ్డకు దూరంగా అదే ఎముకలో చిన్న తునక విడిగా ఉండొచ్చు. ఇక జబ్బు ముందుగా వెళ్లే చోటు ఊపిరితిత్తులు కాబట్టి ఛాతీ సీటీ, మిగతా ఎముకల కోసం బోన్ స్కాన్ గానీ పెట్ సీటీ గానీ చేస్తారు.

సూది, కోత, మొత్తం గడ్డ: ఏ బయాప్సీ?

సన్నసూదితో కణాలు పీల్చే ఎఫ్‌ఎన్‌ఏసీ మన దగ్గర ప్రతి ల్యాబ్‌లో దొరుకుతుంది, చవక కూడా. మెడలో గడ్డకు బాగా పనికొస్తుంది. సార్కోమాకు మొదటి పరీక్షగా నేను దాన్ని నమ్ముకోను. దాంట్లో విడివిడి కణాలే వస్తాయి, అవి ఎలా అల్లుకున్నాయో కనిపించదు. సార్కోమాల్లో యాభైకి పైగా రకాలున్నాయి, రకం తేలకుండా కీమో మొదలుపెట్టలేం.

మా మొదటి ఎంపిక లావుసూది బయాప్సీ. మెత్తని గడ్డకు ట్రూకట్ సూది, ఎముకకు జంషీదీ సూది. స్కానింగో సీటీయో చూస్తూ ఒకే రంధ్రంలోంచి నాలుగైదు సన్నటి పోగులు తీస్తారు. గడ్డ నడుమ భాగం చాలాసార్లు చచ్చిపోయి ఉంటుంది, అక్కడ తీస్తే రిపోర్ట్‌లో ఏమీ తేలదు. అందుకే అంచున, బతికి ఉన్న చోట గురిపెడతారు. ఒక పోగు చీము పరీక్షకు కూడా పంపడం మంచి అలవాటు. ఈవింగ్ సార్కోమా అనే మరో ఎముక క్యాన్సర్ పిల్లల్లో జ్వరంతో, వాపుతో అచ్చం ఎముకలో చీము పట్టినట్టే కనిపించి చాలామందిని మోసం చేస్తుంది. సూదిలో వచ్చింది చాలకపోతేనో, రిపోర్టూ ఎక్స్‌రే ఒకదానికొకటి పొసగకపోతేనో కోత బయాప్సీకి వెళ్తాం. అది కూడా ఆ పెద్ద ఆపరేషన్ చేసే సర్జనే చేయాలి.

ఎముక సంగతి పక్కనపెట్టి మెత్తని గడ్డల గురించి ఒక మాట. ఇక్కడ జరిగే పొరపాటు వేరు. "కొవ్వు గడ్డే, అరగంటలో తీసేద్దాం" అని మత్తు సూది ఇచ్చి మొత్తం వలిచేస్తారు. వారం తర్వాత రిపోర్ట్‌లో సార్కోమా అని వస్తుంది. సార్కోమా చుట్టూ తొక్కలాంటి పొర ఒకటి కనిపిస్తుంది, అందుకే చేతికి సుళువుగా ఊడి వస్తుంది. కానీ ఆ పొరలోనే, దాని బయటే గడ్డ కణాలు ఉంటాయి. అలా తీసినవాళ్లకు మళ్లీ ఆపరేషన్ చేస్తే లోపల జబ్బు మిగిలి కనబడటం మామూలే. కాబట్టి గడ్డ ఐదు సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు పెద్ద నిమ్మకాయంత దాటినా, చర్మం కింద కదలకుండా లోతుగా కండలో ఉన్నా, పెరుగుతూ ఉన్నా, ఒకసారి తీయించాక మళ్లీ వచ్చినా, కత్తికి ముందు ఎంఆర్ఐ, తర్వాత లావుసూది. నొప్పి లేదు కదా అని ధీమా పడొద్దు. మెత్తని సార్కోమాలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి.

కాలు తీసేస్తే జబ్బు పోతుందా?

మన అబ్బాయికి బయాప్సీలో ఆస్టియోసార్కోమా అని తేలింది. ఛాతీ సీటీ బాగుంది. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట అంటారు: "కాలు పోతే పోయింది, ప్రాణం దక్కితే చాలు. తీసేయండి సార్." ఇందులో ప్రేమ ఉంది, లెక్క మాత్రం తప్పు.

1970లకు ముందు అందరికీ కాలు తీసేసేవాళ్లు. అయినా ఐదుగురిలో నలుగురు బతికేవాళ్లు కాదు. కాలు పైకి తీసినా, కంటికి కనపడని జబ్బు అప్పటికే ఊపిరితిత్తుల్లో ఉండేది. కీమో వచ్చాకే, మొదట్లో వేరేచోటికి పాకని పిల్లల్లో ముగ్గురిలో ఇద్దరు నిలబడుతున్నారు. ప్రాణం నిలిపేది ప్రధానంగా కీమో అన్నమాట. సర్జన్ పని, కాలిలో జబ్బు మిగలకుండా చూడటం.

కాలు నిలిపితే బతికే అవకాశం తగ్గుతుందా అన్నదాన్ని కూడా సూటిగానే పరిశీలించారు. తొడ ఎముక కింది భాగంలో ఆస్టియోసార్కోమా వచ్చిన 227 మంది లెక్కను 1994లో అమెరికాలో ప్రచురించారు. కాలు నిలిపినవాళ్లలో అదే చోట జబ్బు తిరిగి రావడం కాస్త ఎక్కువగా కనబడింది. బతికినవాళ్ల శాతంలో మాత్రం తేడా లేదు. మెత్తని సార్కోమాలకూ ఇదే జవాబు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో 43 మందికి చీటీ వేసినట్టు వంతులేసి కొందరికి కాలో చెయ్యో తీశారు, కొందరికి గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చారు. 1982లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అంటే కాలు నిలపడం అందరికీ కుదురుతుందనా? కాదు. గడ్డను చుట్టూ మంచి కండ పొరతో కప్పి, గడ్డ కంటపడకుండా తీయగలగాలి. తీశాక మిగిలే కాలు కృత్రిమ కాలు కంటే బాగా పనిచేయాలి. ఈ రెండూ కుదిరితేనే నిలపాలి. గడ్డ రక్తనాళాన్ని చుట్టేసినా నాళం మార్చి అతికించొచ్చు. నరం ఒక్కటి పోయినా పాదానికి పట్టీ వేసుకుని నడుస్తారు. నాళం, నరం, చర్మం, కండ అన్నీ కలిసి పోతుంటే, గడ్డ చర్మం చీల్చుకుని కుళ్లుతుంటే, కీమోలో కూడా పెరుగుతూనే ఉంటే, తీసేయడమే మంచి ఆపరేషన్. తప్పు బయాప్సీతో తొడంతా మురికైపోయినా అంతే. ఎముక విరిగిందన్న ఒక్క కారణానికి కాలు తీయనక్కర్లేదు. కీమో ఇస్తూ కట్టు వేసి ఉంచితే చాలాసార్లు విరుగు అతుక్కుంటుంది, తర్వాత నిలిపే ఆపరేషన్ చేయొచ్చు.

ఆపరేషన్ ఎలా సాగుతుంది

ముందు సుమారు పది వారాలు కీమో. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చే పద్ధతి ఎలా వచ్చిందో సరదాగా ఉంటుంది. 1970ల్లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఒక్కో రోగికి కొలత తీసి లోహపు ఎముక చేయించేవాళ్లు. అది తయారై రావడానికి నెలలు పట్టేది. ఖాళీగా కూర్చోవడం ఎందుకని జెరాల్డ్ రోజెన్ బృందం ఈలోపు కీమో మొదలుపెట్టింది. తీసిన గడ్డను మైక్రోస్కోప్ కింద పెడితే కీమోకు ఎంత చచ్చిందో కనిపించసాగింది. తొంభై శాతం పైగా చచ్చిపోయి ఉంటే మంచి సూచన. ఈ రోజుకూ ఆ కొలతే వాడుతున్నాం.

కీమో అయ్యాక మళ్లీ ఎంఆర్ఐ. మన అబ్బాయి గడ్డ మోకాలి కీలు గీత నుంచి పైకి 12 సెంటీమీటర్ల దాకా ఉందనుకుందాం. ఎముక మజ్జలో ఇంకో 3 సెంటీమీటర్లు కలుపుకుని 15 దగ్గర కోస్తాం. పాత ఎంఆర్ఐని కూడా పక్కన పెట్టుకుని కొలుస్తాం, కీమోకు గడ్డ ముడుచుకుంటే ఆశపడి దగ్గరగా కోసేయకుండా.

బయాప్సీ మచ్చ చుట్టూ ఆకులా చర్మం కోసి, మచ్చను, దాని కింద సూది దారిని గడ్డకే అంటించి ఉంచేస్తాం. ఆపరేషన్ చివరిదాకా ఆ దారిని విడదీయం. తర్వాత మోకాలి వెనక ప్రధాన రక్తనాళాన్ని, నరాన్ని వెతికి, గడ్డకు వెళ్లే కొమ్మలను ఒక్కొక్కటిగా కట్టి, రెండిటినీ పక్కకు జరుపుతాం. గంటలు పట్టేది ఇక్కడే. నాళం పక్కకు వచ్చిందంటే కాలు నిలిచినట్టే. ఆపైన చుట్టూ ఒక పొర మంచి కండ గడ్డ మీదే ఉండేలా కోసుకుంటూ వచ్చి, 15 సెంటీమీటర్ల దగ్గర ఎముక కోస్తాం. పైన మిగిలిన ఎముక గొట్టంలోంచి కొంచెం మజ్జ తీసి అప్పటికప్పుడే పాథాలజిస్ట్‌కు పంపుతాం. అక్కడ జబ్బు లేదని ఫోన్ వచ్చాకే ఖాళీని నింపే పని.

ఆ పదిహేను సెంటీమీటర్లలో ఏం పెట్టాలి

ఇక్కడే కుటుంబాలు నిజంగా ఎంచుకోవాల్సింది.

మొదటిది లోహపు మెగా ప్రోస్థెసిస్. తొడ ఎముక ముక్క, మోకాలు కీలు కలిసి లోహంతో వస్తాయి, కాడలను ఎముకల్లోకి సిమెంట్‌తో బిగిస్తారు. పెద్ద లాభం వేగం. రెండు మూడు రోజుల్లో వాకర్‌తో నిలబడతాడు, పుండు మానగానే రెండు మూడు వారాల్లో మిగిలిన కీమో మొదలవుతుంది. నష్టాలు దాచకుండా చెప్పాలి. పదిమందిలో ఒకరికి ఇన్ఫెక్షన్ రావచ్చు, అది ఏళ్ల తర్వాత ఒక పంటి చీము నుంచి కూడా మొదలవ్వచ్చు. కీలులోని ప్లాస్టిక్ బుష్‌లు అరుగుతాయి, కాడ వదులవుతుంది. పదేళ్లు తిరిగేసరికి నలుగురైదుగురిలో ఒకరికైనా మరో ఆపరేషన్ పడుతుంది. బాసింపట్టు వేసుకోవడం, ఇండియన్ టాయిలెట్, పరుగు, కబడ్డీ ఉండవు. మోటార్ సైకిల్, కాలేజీ, కుర్చీ ఉద్యోగం ఉంటాయి. ఇదే లోహం మోకాలి కింద ఎముకకు పెట్టాల్సి వస్తే కష్టం కొంచెం పెరుగుతుంది. అక్కడ పైన కండ తక్కువ కాబట్టి పిక్క కండను ముందుకు తిప్పి కప్పాలి, చిప్ప స్నాయువును మళ్లీ అతికించి సుమారు ఆరు వారాలు మోకాలు మడవకుండా ఉంచాలి.

రెండోది, తీసిన ఎముకనే శుభ్రం చేసి మళ్లీ పెట్టడం. గడ్డను గీకేసి, ఎముకకు ఒకేసారి 50 గ్రే రేడియేషన్ ఇచ్చి, లేదా ద్రవ నైట్రోజన్‌లో ముంచి కణాలను చంపి, ప్లేట్లతో బిగిస్తారు. కొలత సరిగ్గా సరిపోతుంది, ఖర్చు తక్కువ. గడ్డ ఎముక నడిమి భాగంలో ఉండి కీళ్లు రెండూ బాగుంటే నాకు ఇది బాగా నచ్చుతుంది. కానీ చచ్చిన ఎముక అతుక్కోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది. అంతవరకు బరువు మోపకూడదు. కీలు దాకా తినేసిన ఎముకకు ఇది నప్పదు, మన అబ్బాయికీ అంతే.

అతనికి నా ఓటు మెగా ప్రోస్థెసిస్. పదిహేనేళ్లు కాబట్టి ఎదుగుదల ఇంక ఒకటి రెండు సెంటీమీటర్లే మిగిలింది, ఆ తేడా చెప్పులో సోల్‌తో సరిపోతుంది.

అదే గడ్డ ఎనిమిదేళ్ల పిల్లవాడికి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. తొడ ఎముక కింది కొన ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది, అబ్బాయిల్లో పదహారేళ్ల దాకా. ఆ కొన తీసేస్తే పెద్దయ్యేసరికి ఎనిమిది సెంటీమీటర్లు పొట్టి. సాగదీసే ప్రోస్థెసిస్‌లు ఉన్నాయి, కానీ ఖరీదు ఎక్కువ, ఆపరేషన్లూ ఎక్కువ. ఇలాంటి పిల్లలకు రొటేషన్‌ప్లాస్టీ గురించి చెబుతాను, చెప్పగానే తల్లి మొహం చూడలేను. మోకాలితో సహా గడ్డ ఉన్న భాగం తీసేసి, పెద్ద నరాన్ని తెగకుండా ఉంచి, కింది కాలును 180 డిగ్రీలు తిప్పి పైన మిగిలిన తొడ ఎముకకు అతికిస్తారు. మడమ ముందుకు, వేళ్లు వెనక్కి వస్తాయి. ఇప్పుడు చీలమండే మోకాలు. దానికి కృత్రిమ కాలు తొడిగితే పిల్లవాడు పరిగెత్తుతాడు, సైకిల్ తొక్కుతాడు, క్రికెట్ ఆడతాడు. అరిగిపోయే లోహపు కీలు ఏదీ లోపల లేదు. 1970ల్లో వియన్నా సర్జన్లు దీన్ని ఎముక క్యాన్సర్‌కు వాడటం మొదలుపెట్టారు. చూడ్డానికి మాత్రం కష్టంగా ఉంటుంది. అందుకే ఒప్పుకోకముందు, అది చేయించుకున్న పిల్లవాడు నడిచే వీడియో చూపించమని, వీలైతే ఆ కుటుంబంతో మాట్లాడించమని అడగండి. ఫొటో చూసి వద్దన్నవాళ్లు వీడియో చూసి మళ్లీ వచ్చిన సందర్భాలున్నాయి.

మెత్తని సార్కోమాలో ఎముక మార్చే పని ఎక్కువగా ఉండదు, అక్కడ ఎంపిక రేడియేషన్ ముందా వెనకా అన్నది. ముందు ఇస్తే 50 గ్రే చాలు, కానీ పుండు మానడంలో ఇబ్బంది దాదాపు మూడోవంతు మందికి. తర్వాత ఇస్తే 66 దాకా పోవాలి, పుండు ఇబ్బంది అందులో సగమే గానీ కాలు కాలక్రమంలో బిగుసుకుపోవడం ఎక్కువ. పిక్కకు, తొడకు అయితే నేను ముందు ఇవ్వడం వైపే మొగ్గుతాను. పుండు నెలల్లో మానుతుంది, బిగుసుకున్న కీలు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఖర్చు గురించి: ప్రభుత్వ స్కీం కింద ఆపరేషన్ వచ్చినా, ఇంప్లాంట్ ఎంతవరకు వస్తుందో విడిగా కనుక్కోండి. విదేశీ ప్రోస్థెసిస్‌కూ, మన దేశంలో తయారైనదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. నడవడం విషయంలో అంత తేడా కనపడదు.

ఇప్పటికే ముక్క తీయించేసినవాళ్లకు

ఇది చదివేసరికి ఊళ్లో కోత పెట్టించుకుని ఉన్నవాళ్లు కొందరుంటారు. కంగారులో ల్యాబ్ రిపోర్ట్ ఒక్కటే పట్టుకుని వచ్చేస్తారు. దాంతో పాటు ల్యాబ్ నుంచి మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి, అవి మీవే. ఎముక గడ్డలు చదివే పాథాలజిస్ట్ వాటిని మళ్లీ చూస్తే చాలాసార్లు రెండో బయాప్సీ తప్పుతుంది. బయాప్సీకి ముందు తీసిన ఎక్స్‌రే, ఎంఆర్ఐ ఉంటే అవి బంగారం. కోత పెట్టిన డాక్టర్ దగ్గర ఎటునుంచి వెళ్లారో, కీలు తెరిచారో లేదో, డ్రెయిన్ ఎక్కడ పెట్టారో రెండు లైన్లు రాయించుకోండి. నింద వేయడానికి కాదు, మేము కోత గీత గీసుకోవడానికి. ఆ కోతను మళ్లీ తెరిచి కడిగించడం, ఊళ్లోనే "మిగిలింది కూడా తీసేద్దాం" అనడం మాత్రం వద్దు. కట్టు మార్చుకుంటూ, ఆ కాలి మీద బరువు వేయకుండా ఊతకర్రలతో బయలుదేరి వచ్చేయండి. అడ్డకోత అయినా, రక్తం కాస్త పాకినా, మురికైన మేర ఎంతో ముందు తెలిస్తే వాటిలో చాలా కాళ్లను ఇంకా నిలపొచ్చు.